నెట్ పోలేదు, గడువు పోయింది

"అమ్మా, కౌన్సెలింగ్ సైట్ వాళ్లు డబ్బులడుగుతున్నారే!"

పోయిన ఏడాది జూలైలో ఒక సాయంత్రం మా అమ్మాయి అరిచిన అరుపు ఇది. పద్మారావు నగర్‌లో మాది రెండో అంతస్తు. ఆ అరుపుకి కింద వాచ్‌మన్ కూడా తలెత్తి చూశాడు. నేను పోపు మాడుతున్నా స్టవ్ ఆపి పరిగెత్తాను.

ఇంజనీరింగ్ సీట్ల కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకునే చివరి రోజు అది. ఇప్పుడు ఆ పరీక్ష పేరు ఎప్‌సెట్ అంటున్నారు గానీ మన ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. ఏ కాలేజీ ముందు, ఏ కాలేజీ తర్వాత అని వరుసగా రాసి ఆ రాత్రిలోగా భద్రం చెయ్యాలి. ముందురోజు తొందరలో ఒక జాబితా పెట్టేసింది. తీరా వాళ్ల సీనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసి "ఆ నాలుగో కాలేజీని అంత పైన పెట్టావేమిటే" అంది. దాంతో వరుస మార్చాలని కూర్చుంది. సరిగ్గా అప్పుడే, ఏడు దాటి పది నిమిషాలకి, పేజీ తెరుచుకోవడం మానేసింది.

తెర మీద ఎర్రటి త్రికోణం, దాని కింద `Your connection is not private` అన్న వాక్యం. "చివరి రోజు కదా, లక్షమంది ఒకేసారి ఎగబడుంటారు, సైట్ జామైంది" అన్నాను నేను, అన్నీ తెలిసినదానిలా. అదేమో ఓపిక లేక కింద `Advanced` అన్నదాన్ని నొక్కి, ఆ తర్వాత ప్రమాదమని చెబుతున్నా వినకుండా ముందుకెళ్లింది. కౌన్సెలింగ్ పేజీ బదులు ఇంకేదో పేజీ వచ్చింది. పైన ఒక కంపెనీ బొమ్మ, కింద "824.82 రూపాయలు చెల్లించండి" అన్న బొత్తాం.

దాన్ని చూసే పిల్ల కేకేసింది. నాకూ గుండె ఝల్లుమంది. పేపర్లో రోజూ చదువుతున్నాం కదా సైబర్ మోసాల గురించి. కూతురి హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డు ఎవడి చేతిలోనో పడ్డాయని వణికిపోయాను.

తర్వాత తెలిసింది, అది దొంగ పేజీ కాదు. మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్లాను గడువు ఆ సాయంత్రమే ముగిసింది. నెలకి 699 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 824.82. ఆ లెక్క చూడగానే నేను గుర్తుపట్టి ఉండాల్సింది. కానీ బిల్లు కట్టేది మావారు. అంకె ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

ఎవరి తప్పు ఇందులో? ప్లాను అయిపోతే ఆపడం కంపెనీ తప్పు కాదు. ముందుగా డబ్బు కట్టి వాడుకునే పద్ధతిలో రోజు గడిస్తే సరుకూ ఆగుతుంది. నా ఫిర్యాదు ఆపడం మీద కాదు, ఆపిన సంగతి చెప్పిన తీరు మీద.

వాచ్‌మన్ చేసే పని

ఆ పేజీ అసలు ఎలా వచ్చిందో మా కేబుల్ కుర్రాడూ, ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడూ చెరో ముక్క చెప్పారు. నాకు అర్థమైనట్టు చెబుతాను.

మన ఇంట్లోని రౌటర్ నేరుగా ప్రపంచంలోకి పోదు. ముందు కంపెనీ వారి కంప్యూటర్ దగ్గర ఆగి, ఫలానా ఇంటి నుంచి వచ్చానని పేరు చెప్పుకుంటుంది. ఆ కంప్యూటర్ మన ఖాతా తీసి, గడువుందో లేదో చూసి దారి వదులుతుంది. గడువు అయిపోతే పూర్తిగా తలుపు మూయదు. మన కనెక్షన్‌ని ఒక కంచె వేసిన పెరట్లోకి తోస్తుంది. ఆ కంచెకి రెండు మూడు గేట్లే ఉంటాయి. ఒకటి కంపెనీ సొంత పేజీకి, మిగిలినవి డబ్బు కట్టించుకునే సంస్థలకి.

ఇక మనం ఏ పేజీ అడిగినా, ఆ కంప్యూటర్ మధ్యలో అందుకుని, "మీరడిగింది ఇక్కడ లేదు, తాత్కాలికంగా అటు వెళ్లండి" అని తన చెల్లింపు పేజీ చిరునామా ఇస్తుంది. అలా దారి మళ్లించే జవాబుకి కంప్యూటర్ల భాషలో 302 అని అంకె ఉంది. అపార్ట్‌మెంట్‌కి వచ్చిన చుట్టాన్ని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, "మెయింటెనెన్స్ బాకీ ఉంది, ముందు సెక్రటరీ గారి గదికి పదండి" అన్నట్టన్నమాట. ఎవరింటికొచ్చినా, ఏ పనిమీదొచ్చినా సెక్రటరీ గదికే.

ఇంకో రకం కూడా ఉందిట. మనం సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికిపెట్టే పుస్తకం లాంటిది కంపెనీ దగ్గరే ఉంటుంది. గడువు తీరినవాళ్లు ఏ పేరు అడిగినా ఆ పుస్తకం తన సొంత చిరునామానే చెబుతుంది. ఫలితం ఒకటే.

ఈ పద్ధతి పెట్టినరోజుల్లో చక్కగానే పనిచేసింది. పదిహేనేళ్ల కిందట చాలా సైట్లు తెరిచిన పోస్టుకార్డులా ఉండేవి. మధ్యలో ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. కంపెనీ మధ్యలో చెయ్యి పెట్టి తన కాగితం ఇచ్చినా మన బ్రౌజర్ కిమ్మనకుండా చూపించేది. మనమూ "ఓహో, బిల్లు కట్టాలి కాబోలు" అనుకుని కట్టేసేవాళ్లం.

ఇప్పుడు కాలం మారింది. సైటు చిరునామా ముందు https అని ఉంటే అది సీలు వేసిన కవరు లాంటిది. మాట మొదలుపెట్టే ముందే అవతలివాళ్లు తామెవరో నిరూపించే ధ్రువపత్రం చూపించాలి. 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజర్ అయితే సీలు లేని ప్రతి పేజీకీ "భద్రత లేదు" అని పక్కన రాసి చూపించడం మొదలుపెట్టింది. దాంతో సైట్లన్నీ దాదాపు సీలు కవర్లలోకి మారిపోయాయి. బ్యాంకులు, సర్కారు సైట్లు, వార్తలు, వంటల పేజీలు కూడా.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా అమ్మాయి కౌన్సెలింగ్ పేజీ అడిగింది. మధ్యలో కంపెనీ కంప్యూటర్ అందుకుంది. బ్రౌజర్ "నువ్వు కౌన్సెలింగ్ సైటువేనా, పత్రం చూపించు" అంది. కంపెనీ దగ్గర ఉన్నది కంపెనీ పేరుమీది పత్రం. పేర్లు కలవలేదు. అందుకే `NET::ERR_CERT_COMMON_NAME_INVALID` అంటూ బ్రౌజర్ ఎర్రజెండా ఎత్తింది. అంటే బిల్లు నోటీసు రావలసిన చోట దొంగ వస్తే ఏం కనబడుతుందో అదే కనబడింది!

కొన్ని కంపెనీలు సీలు కవర్ల జోలికి వెళ్లకుండా ఊరికే వదిలేస్తాయి. అప్పుడు పేజీ గిరగిరా తిరిగి తిరిగి `ERR_CONNECTION_TIMED_OUT` అంటుంది. ఇక ఫోన్లోని యాప్‌లకీ, టీవీకీ, గుమ్మం దగ్గర పెట్టిన కెమెరాకీ పేజీ చూపించే ఏర్పాటే లేదు. అవి నోరు మూసుకుని ఆగిపోతాయి. మా పై ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. అమెరికాలో ఉన్న కొడుకు గుమ్మం కెమెరాలో తల్లిని చూసుకుంటాడు. ఒకసారి ఇలాగే గడువు తీరి కెమెరా ఆగిపోతే, అమ్మకేమైందోనని అక్కడ అర్ధరాత్రి వేళ లేచి మాకు ఫోన్ చేశాడు. పాపం, చెల్లించమన్న నోటీసు ఆ ఇంట్లో ఏ తెర మీదా కనబడలేదు.

నోటీసు అనేది చేరవలసిన మనిషికి చేరాలి, చేరినప్పుడు నోటీసులా కనబడాలి. ఇది రెండూ కాదు.

రెండు గంటలు ఎలా పోయాయి?

ఆ సాయంత్రం మేం చేసిన తప్పులు వరుసగా చెబుతాను. నవ్వుకున్నా ఫరవాలేదు, మీకు పనికొస్తాయి.

మొదటి తప్పు, సైటు జామైందని అరగంట ఎదురుచూడటం. "మొబైల్ డేటాతో చూడొచ్చు కదా" అని మీరనొచ్చు. నిజమే. కానీ తప్పు సైటుదని నమ్మినప్పుడు ఏ దారిన వెళితే ఏం లాభం అనిపిస్తుంది. పైగా వైఫై గుర్తు నాలుగు గీతలూ నిండుగా ఉంది. ఆ గీతలు ఫోనుకీ, గోడకున్న రౌటర్‌కీ మధ్య దూరం చెబుతాయే గానీ బయటి సంగతి చెప్పవని అప్పటికి నాకు తెలియదు.

రెండో తప్పు, రౌటర్ పాడైందనుకుని నాలుగుసార్లు ఆపి వెయ్యడం. దాని మీది దీపాలు చూసి ఉంటే సరిపోయేది. ఫైబర్ కనెక్షన్ ఉన్న పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతుంటే బయట తీగ తెగిందనో, వదులైందనో అర్థం. మాకు అది వెలగలేదు. పక్కనున్న పీఓఎన్ దీపం ఆకుపచ్చగా, కదలకుండా ఉంది. అంటే తీగ బాగానే ఉంది, చిక్కు ఆ పైన ఎక్కడో ఉందన్నమాట.

ఎనిమిదిన్నరకి మావారికి ఫోన్ కలిసింది. ఆయన రైల్వేలో పనిచేస్తారు, ఆ రోజు డ్యూటీ మీద రైల్లో ఉన్నారు.

"ఏవండీ, నెట్ డబ్బులు కట్టారా?"

"అయ్యో, మూడు రోజుల కింద మెసేజ్ వచ్చిందోయ్. కడదామనుకుని మర్చిపోయాను. కంగారు పడకు, నువ్వు కట్టేసెయ్."

చెప్పడం తేలికే. నేను నా ఫోన్లో యూపీఐ యాప్ తెరిచాను. తెరుచుకోదు! తెరుచుకున్నా డబ్బు కదలదు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే నవ్వాడు.

"అక్కా, ముందుగాల వైఫై బంద్ చెయ్యండి. మీ సిమ్ డేటా ఆన్ చేసి కట్టండి. గా వైఫై మీద యాప్‌లు నడవయి."

ఇది మూడో తప్పు, అసలు సంగతి తెలియనిది. కంచెకి పెట్టిన గేట్లలో కంపెనీ ఎంచుకున్న సంస్థలే ఉంటాయి. మనం వాడే యూపీఐ యాప్, మన బ్యాంకు పేజీ అందులో ఉండాలని లేదు. ఫోనేమో వైఫై దొరికితే దాన్నే పట్టుకుని వేలాడుతుంది. డబ్బు కడదామన్నా కట్టనివ్వని దారి అది. వైఫై ఆపి కట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోయింది.

అయినా లాప్‌టాప్‌లో పాత చెల్లింపు పేజీయే. "డబ్బు కూడా పోయింది" అని మా అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. మళ్లీ కుర్రాడే చెప్పాడు.

"రౌటర్ ఆపి రెండు నిమిషాలు ఆగి వెయ్యండక్కా. గడువు అయిపోయిన లెక్కతోనే ఇంకా లోపలున్నరు మీరు. కొత్తగా లాగిన్ అయితే వచ్చేస్తది."

అదీ నిజమే. కంపెనీ కంప్యూటర్‌లో మన డబ్బు నమోదైనా, మన రౌటర్ పాత ప్రవేశంతోనే ఆ కంచెలో కూర్చుని ఉంటుంది. ఒకసారి బయటికొచ్చి మళ్లీ పేరు చెప్పుకుంటే కొత్త గడువు వర్తిస్తుంది. అప్పటికీ బ్రౌజర్ పాత జవాబు గుర్తుపెట్టుకుని అదే పేజీ చూపిస్తే, ప్రైవేటు విండోలో తెరిచి చూస్తే సంగతి తేలిపోతుంది.

తొమ్మిదీ ఇరవైకి పేజీ తెరుచుకుంది. పది మార్పులు చెయ్యాలనుకున్న పిల్ల, చేతులు వణుకుతుంటే ఆరు చేసి భద్రం చేసింది. సీటు వచ్చింది లెండి. ఆ నాలుగు మార్పులూ చేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

దొంగ ఎవరు, దొర ఎవరు?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఎర్రజెండా చూస్తే ఆగిపొమ్మని మనం పిల్లలకి చెబుతాం. బ్యాంకులూ అదే చెబుతాయి. కానీ నెలనెలా బిల్లు నోటీసే ఎర్రజెండా వేసుకుని వస్తే, "ఏం కాదులే, నొక్కి ముందుకెళ్లు, అది నెట్ వాళ్లదే" అని ఇంట్లో అలవాటైపోతుంది. ఆ అలవాటుతోనే రేపు రైల్వే స్టేషన్లోనో, హోటల్లోనో ఎవడో పెట్టిన దొంగ వైఫై మీద అదే ఎర్రజెండా దాటి బ్యాంకు పాస్‌వర్డు కొడతారు. నిజాయితీగా వ్యాపారం చేసుకునే కంపెనీ తెలియకుండానే దొంగలకి దారి తీస్తోంది.

పెద్ద బ్యాంకులూ, పెద్ద సంస్థలూ కొన్ని తమ సైట్లకి ఇంకో గొళ్లెం కూడా పెట్టుకున్నాయి. అక్కడ ఎర్రజెండా వస్తే "ముందుకు వెళ్లు" అన్న మాటే కనబడదు. అలాంటప్పుడు బ్రౌజర్ చెప్పేది వినడమే మేలు. దాటే దారి వెతకకూడదు.

మరి అది బిల్లు నోటీసో, మోసమో ఎలా తేల్చుకోవడం? నేను ఇప్పుడు చేసేది చెబుతాను. ముందు ఒక సైటు మీద కాకుండా రెండు మూడు వేరు వేరు సైట్లు తెరిచి చూస్తాను. ఒక్కటే తెరుచుకోకపోతే తప్పు ఆ సైటుది. అన్నీ ఒకేలా మొరాయిస్తే చిక్కు మన ఇంటి దారిలో ఉంది. అప్పుడు `http://neverssl.com` అని కొడతాను. అది ఇలాంటి పరీక్ష కోసమే సీలు లేకుండా ఉంచిన పేజీ. గడువు తీరి ఉంటే దాని బదులు కంపెనీ చెల్లింపు పేజీ ఏ ఎర్రజెండా లేకుండా తెరుచుకుంటుంది. తీగ తెగి ఉంటే అదీ తెరుచుకోదు.

ఫోన్ కూడా ఇలాంటి పరీక్షే చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైలో చేరగానే `http://connectivitycheck.gstatic.com/generate_204` అన్న చిరునామాని అడుగుతుంది. ఖాళీ జవాబు రావాలి. దాని బదులు ఇంకో పేజీకి దారి మళ్లిస్తే, మధ్యలో ఎవరో ఆపారని గ్రహించి, ఈ నెట్‌వర్క్‌లో సైన్ ఇన్ చెయ్యమని పైన చిన్న సందేశం పెడుతుంది. మనం దాన్ని ప్రకటన అనుకుని తుడిచేస్తాం. వైఫై ఒకసారి ఆపి వేస్తే ఆ పరీక్ష మళ్లీ జరుగుతుంది, సందేశం మళ్లీ కనబడుతుంది.

నోటీసు నిజమని తేలినా, ఆ వచ్చిన పేజీలో మాత్రం డబ్బు కట్టను. వైఫై ఆపి, సిమ్ డేటా మీద, కంపెనీ యాప్ తెరిచో, పాత బిల్లు మీద అచ్చయిన చిరునామా కొట్టో కడతాను. గడువు నిజంగా తీరిందో లేదో అక్కడా కనబడుతుంది కదా. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, భయం ఉండదు. పొరపాటున దొంగ పేజీలో కట్టేసిన వాళ్లు మాత్రం సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కరెంటుకున్న మర్యాద దీనికేదీ?

మా పుట్టింట్లో ల్యాండ్‌లైన్ ఉండేది. బిల్లు ఆలస్యమైతే ముందు మనం చేసే కాల్స్ ఆపేవారు. మనకొచ్చే కాల్స్ కొన్నాళ్లు వస్తూనే ఉండేవి. ఊళ్లో తాతయ్యకి బాగోలేదన్న కబురు మాకు అలాంటి రోజుల్లోనే అందింది. బాకీ ఉన్న ఇంటికి కూడా ఒక కబురు చేరాల్సి రావచ్చని ఆ పద్ధతి పెట్టినవాళ్లకి తోచింది.

కరెంటు సంగతి చూడండి. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బిల్లు కట్టలేదని కనెక్షన్ తీసేముందు కనీసం 15 పూర్తి రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాడుకుని తర్వాత కట్టే బిల్లుకి ఆ లెక్క. ముందే కట్టి వాడుకునే బ్రాడ్‌బ్యాండ్‌కి అదే నియమం పెట్టమంటే న్యాయం కాదు, ఒప్పుకుంటాను. ఉచితంగా ఇమ్మనీ అడగడం లేదు. కానీ పదిహేను రోజులు కాకపోయినా, మనిషికి అర్థమయ్యే పదిహేను మాటలైనా చెప్పాలి కదా!

నేనడిగేవి మూడే. మొదటిది, ప్రతి ఖాతాకీ రెండో ఫోన్ నంబరు తీసుకుని, గడువుకి మూడు రోజుల ముందూ, ఆపిన నిమిషంలోనూ రెండు నంబర్లకీ సందేశం పంపడం. తెలుగులో పంపితే మరీ మంచిది. ఈ సందేశం సిమ్ దారిన వస్తుంది కాబట్టి కంచె దాన్ని ఆపలేదు.

రెండోది, ఆపే సమయం. సాయంత్రం ఏడింటికి ఆపితే అప్పటికి ఆఫీసులు కట్టేసి ఉంటాయి, పిల్లల పనులు మొదలై ఉంటాయి. గడువు తీరిన రాత్రిని వదిలేసి మర్నాడు పొద్దున పదింటికి ఆపితే కంపెనీకి పోయేదెంత? ఆ ఒక్క రోజు వచ్చే నెల లెక్కలో తగ్గించుకోనివ్వండి.

మూడోది, కంచెకి ఇంకో రెండు గేట్లు. చెల్లింపు సంస్థలకి గేటు పెట్టగలిగినవాళ్లు ప్రవేశ పరీక్షల సైట్లకీ, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఇచ్చే సర్కారు సైట్లకీ పెట్టలేరా? దీంట్లో ఒక ఇబ్బంది ఉందని మా తమ్ముడు అన్నాడు. పెద్ద సైట్లు ఒకే చోట ఉండవు, బొమ్మలొక చోటా, లాగిన్ ఒక చోటా ఉంటాయి, అన్నిటికీ గేట్లు పెట్టడం కష్టం అని. ఒప్పుకుంటాను. అన్నిటికీ వద్దు, కొన్నిటికే పెట్టండి. డబ్బు కట్టించుకునే సైట్లు కూడా అలాంటివే కదా, వాటికి ఓపిక దొరికింది!

ఫిర్యాదు చెయ్యాలంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి చెప్పి, వారిచ్చే ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. టెలికం గొడవలు కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ముఖ్యంగా డబ్బు కట్టాక కూడా కనెక్షన్ రాని వాళ్లు చెల్లింపు నంబరు జాగ్రత్తగా ఉంచుకోవాలి. కంగారులో రెండోసారి కట్టకూడదు.

నంబరు ఎవరిది?

కంపెనీని ఇన్ని మాటలన్నాక మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ సందేశం మూడు రోజుల ముందే వచ్చింది. వచ్చింది మావారి ఫోనుకి. ఖాతా ఆయన పేరు, నంబరు ఆయనది, పాస్‌వర్డు ఆయనకే గుర్తు. నెట్ ఆగిపోతే ఇంట్లో ఇరుక్కునేది మాత్రం నేనూ, పిల్లా. గ్యాసు బుక్ చేసేది నేను, పాలవాడి లెక్క రాసేది నేను, కరెంటు బిల్లు తేదీ నాకు గుర్తు. ఈ ఒక్కటి మాత్రం "సాంకేతిక విషయం" కాబట్టి ఆయన ఖాతాలో పడిపోయింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఏ రోజో కనెక్షన్ పెట్టడానికొచ్చిన కుర్రాడు "సార్ నంబరు చెప్పండి మేడమ్" అన్నాడు. నేనూ సార్ నంబరే చెప్పాను.

మావారు డ్యూటీ నుంచి వచ్చాక దెబ్బలాడలేదు. కాఫీ ఇచ్చి, ఆయన ఫోన్లోనే కంపెనీ యాప్ తెరిపించి, రెండో నంబరు పెట్టడానికి ఎక్కడైనా చోటుందా అని వెతికించాను. లేదు! ఒక్క ఖాతాకి ఒక్క నంబరేనట. "అయితే ఏం చేద్దామంటావ్?" అన్నారు. "నంబరు నాది పెట్టండి, డబ్బు మీరు కట్టండి" అన్నాను. నవ్వి మార్చేశారు.

ఇప్పుడు గడువుకి మూడు రోజుల ముందు సందేశం నాకొస్తుంది. వంటింటి కాలెండర్లో పాల లెక్క పక్కన ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. మీ ఇంట్లో నెట్ గడువు ఏ తేదీనో ఇది చదువుతున్న మీకు తెలుసా? తెలియకపోతే ఈ సాయంత్రం కాఫీ ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడిగి చూడండి.